రెజ్యూమెనే మళ్లీ చెప్పే కవర్ లెటర్‌ని ఒక పేజీకి, ఒక విషయానికి తేవడం ఎలా

మీ కవర్ లెటర్ ఇప్పటికే రాసి పెట్టుకున్నారు. ఒకటిన్నర పేజీ వచ్చింది. తప్పులేమీ లేవు, మర్యాదగానే ఉంది, కానీ అందులో ఉన్నదంతా రెజ్యూమెలో ఉన్నదే. కొత్తగా మొదలుపెట్టాల్సిన పని లేదు. ఉన్నదాన్నే కోసి, ఒక విషయం చుట్టూ మళ్లీ అల్లుకుంటే చాలు. ప్రశాంతంగా కూర్చుంటే ఒక సాయంత్రంలో అయిపోతుంది.

ముందుగా ఒక సంగతి. దరఖాస్తు చదివే వ్యక్తి ముందు మీ లెటర్, మీ రెజ్యూమె రెండూ ఉంటాయి. "2021 నుంచి ఫలానా విభాగంలో పనిచేస్తున్నాను" అని రెండు చోట్లా కనిపిస్తే, ఆ వ్యక్తి లెటర్ వదిలేసి రెజ్యూమె చూస్తారు. అందులో అదే విషయం తేదీలతో సహా ఇంకా వేగంగా దొరుకుతుంది కాబట్టి. ఎక్కడ చేశారు, ఎన్నేళ్లు చేశారు, ఎంత చేశారు అన్నవి రెజ్యూమె చెబుతుంది. ఈ ఉద్యోగానికి మీరే ఎందుకు, ఒక చిక్కు ఎదురైతే మీరు ఎలా ఆలోచిస్తారు అన్నవి అది చెప్పలేదు. లెటర్‌కి మిగిలిన చోటు అదే.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళదాం. ఒక అభ్యర్థి నాలుగేళ్లుగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో కస్టమర్ సపోర్ట్ చూస్తున్నారనుకోండి. కస్టమర్లు సాయం కోసం పంపే ఒక్కో ప్రశ్ననీ అక్కడ టికెట్ అంటారు. ఇప్పుడు జీతాల లెక్కల సాఫ్ట్‌వేర్ తయారుచేసే మరో కంపెనీలో హెల్ప్ ఆర్టికల్స్, అంటే సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో కస్టమర్లకి చెప్పే వ్యాసాలు, రాసే ఉద్యోగానికి అప్లై చేస్తున్నారు. ఆమె లెటర్ ఇలా మొదలవుతుంది:

> మీ సంస్థలో హెల్ప్ ఆర్టికల్స్ రచయిత ఉద్యోగ ప్రకటన చూసి ఈ దరఖాస్తు పంపుతున్నాను. నేను కామర్స్‌లో డిగ్రీ పూర్తిచేశాను. గత నాలుగేళ్లుగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సంస్థలో కస్టమర్ సపోర్ట్ విభాగంలో పనిచేస్తున్నాను. రోజుకు సగటున 40 టికెట్లు పరిష్కరిస్తాను. ఇప్పటివరకు 60 హెల్ప్ ఆర్టికల్స్ రాశాను. రెండుసార్లు ఉత్తమ ఉద్యోగి అవార్డు అందుకున్నాను. నాకు మంచి కమ్యూనికేషన్ స్కిల్స్ ఉన్నాయి. టీమ్‌తో కలిసి పనిచేయగలను, ఒత్తిడిలోనూ బాగా పనిచేస్తాను...

ఇలాగే ఇంకో నాలుగు పేరాలు ఉన్నాయి. వాటిలో వాడిన సాఫ్ట్‌వేర్ల జాబితా, చేసిన కోర్సులు, చివర "అవకాశం ఇస్తే మీ సంస్థ అభివృద్ధికి తోడ్పడతాను" అన్న మాట.

రెండు రంగులతో గీత పెట్టండి

లెటర్, రెజ్యూమె పక్కపక్కన పెట్టుకోండి. లెటర్‌లో ఒక్కో వాక్యం చదువుతూ, రెజ్యూమెలో కూడా ఉన్నదానికి ఒక రంగు వేయండి. రెజ్యూమెలో లేకపోయినా ఎవరైనా రాయగలిగిన వాక్యానికి ఇంకో రంగు. "ఒత్తిడిలోనూ బాగా పనిచేస్తాను" ఈ రెండో రకం. అది అబద్ధం కాకపోవచ్చు, కానీ అదే ఉద్యోగానికి అప్లై చేసిన మిగతావాళ్లు కూడా అదే రాసి ఉంటారు.

రంగు పడని వాక్యాలే మీకు మిగిలిన సరుకు. చాలా లెటర్లలో అవి రెండో మూడో ఉంటాయి. ఆమె లెటర్‌లో ఒకటే మిగిలింది, అదీ నాలుగో పేరా మధ్యలో: "రిటర్న్ ఎంట్రీల ఆర్టికల్‌ని మళ్లీ రాశాక ఆ విషయం మీద వచ్చే టికెట్లు బాగా తగ్గాయి." మంచి వాక్యం ఇలా నాలుగో పేరాలో దాక్కోవడం మామూలే. మనం పద్ధతిగా చదువు, అనుభవం, అవార్డులు అన్నీ చెప్పేసి, అలసిపోయాక అసలు విషయానికి వస్తాం.

ఒక్క వాక్యం కూడా మిగలకపోతే కంగారు పడకండి. రెజ్యూమెలో మీకు బాగా గుర్తున్న ఒక లైన్ పట్టుకుని, దాని వెనక ఏం జరిగిందో ఎవరికైనా నోటితో చెప్పి చూడండి. లెటర్‌లో ఉండాల్సింది ఆ చెప్పిన మాటల్లో ఉంటుంది.

ప్రకటనలో వాళ్ల తలనొప్పి ఏమిటో వెతకండి

ఇప్పుడు లెటర్ పక్కన పెట్టి ఉద్యోగ ప్రకటన చదవండి. చాలా ప్రకటనల్లో సగం ఎక్కడైనా కనిపించే మాటలే: చక్కగా రాయగలగాలి, గడువులోగా పూర్తిచేయగలగాలి, నలుగురితో కలిసి పనిచేయాలి. ఇవి అర్హతలు, దాటేయండి. మీరు వెతకాల్సింది ఈ ఒక్క ఉద్యోగానికే సరిపోయే మాట. అది ఒక్కోసారి బాధ్యతల జాబితాలో మొదటి లైన్‌గా ఉంటుంది, ఒక్కోసారి అదే సంగతి వేరే వేరే మాటల్లో రెండు మూడు చోట్ల వస్తుంది. అంత నొక్కి చెబుతున్నారంటే అక్కడ వాళ్లకి ఏదో ఇబ్బంది ఉందనే అర్థం.

మన ఉదాహరణలో ప్రకటన ఇలా ఉందనుకుందాం: "కొత్త కస్టమర్లు మొదటి నెల జీతాలు ఎవరి సాయం లేకుండా లెక్కవేసుకోగలగాలి. ఇప్పుడున్న ఆర్టికల్స్‌ని సమీక్షించి మెరుగుపరచాలి. సపోర్ట్ టీమ్‌తో దగ్గరగా పనిచేయాలి." ఈ మూడూ కలిపి చదివితే కథ తెలుస్తుంది. వాళ్ల దగ్గర ఆర్టికల్స్ ఇప్పటికే ఉన్నాయి. అయినా కస్టమర్లు సపోర్ట్‌కే వస్తున్నారు. అంటే వాళ్లకి కావలసింది ఎక్కువ రాసేవాళ్లు కాదు, ఉన్నది ఎందుకు పనిచేయడం లేదో కనిపెట్టేవాళ్లు. "60 ఆర్టికల్స్ రాశాను" అన్న మాట ఈ కంపెనీకి ఎందుకు పెద్దగా అంటదో ఇక్కడ తెలుస్తుంది.

ఇది మన ఊహ మాత్రమే అని గుర్తుంచుకోండి. లెటర్‌లో "మీ ఆర్టికల్స్ బాగాలేవని తెలిసింది" అని రాయకూడదు. ఊహ మీ ఎంపికకి దారి చూపడానికే.

విషయం ఒక్క వాక్యంలో రాయండి

లెటర్ ముట్టుకోకముందే, విడిగా ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాయాలి: వాళ్లకి కావలసిన దానికి, మీరు చేసినదానికి మధ్య లంకె ఏమిటి? ఈ మెట్టు మీదే ఎక్కువసేపు ఉండండి. ఇది కుదిరితే మిగతాదంతా దానంతటదే వస్తుంది. కుదరకుండా ముందుకు వెళితే మళ్లీ జాబితాలోకే జారిపోతారు.

మొదటిసారి ఇలా వస్తుంది: "నాకు రాయడం ఇష్టం, సాఫ్ట్‌వేర్ మీద అవగాహన ఉంది." ఇది మీ గురించిన మాట, వాళ్ల అవసరం ఇందులో ఎక్కడా లేదు. రెండోసారి: "నాలుగేళ్ల సపోర్ట్ అనుభవం వల్ల కస్టమర్ల ఇబ్బందులు నాకు బాగా తెలుసు." కాస్త దగ్గరికి వచ్చింది, కానీ సపోర్ట్‌లో పనిచేసిన ప్రతివాళ్లూ దీని కింద సంతకం పెట్టగలరు. మూడోసారి: "ఆర్టికల్ ఉన్నా కస్టమర్లు సపోర్ట్‌కే ఎందుకు వస్తున్నారో టికెట్లు చదివి పట్టుకుని, ఆ ఆర్టికల్‌ని సరిచేసే పని నేను ఇప్పటికే చేస్తున్నాను."

ఇది నిలబడుతుంది. ఇందులో వాళ్ల ఇబ్బంది ఉంది, ఆమె చేసిన పని ఉంది, ఆ పని చేసే పద్ధతి కూడా ఉంది. మీ వాక్యానికీ ఇదే పరీక్ష పెట్టండి: ఈ ఉద్యోగానికి అప్లై చేసే ఇంకొకరు దీని కింద సంతకం పెట్టగలరా? పెట్టగలిగితే ఇంకా లోతుకు వెళ్లాలి. "మరియు", "అలాగే" అంటూ రెండో విషయం కూడా అందులోకి దూరుతుంటే, రెండింటిలో ఏది వదిలేయాలో ఇప్పుడే తేల్చుకోండి.

ఒక్క ఉదంతం, దగ్గరగా

ఇప్పుడు ఆ వాక్యాన్ని నమ్మించాలి. దానికి మూడు ఉదాహరణలు తలా ఒక ముక్క చెప్పడం కంటే, ఒక్కటి పూర్తిగా చెప్పడం మేలు. మూడు ముక్కలు చెబితే అది మళ్లీ రెజ్యూమె అయిపోతుంది.

మీ ఉదంతాన్ని ఇలా ప్రశ్నించండి. అప్పుడు పరిస్థితి ఏమిటి? మీరు ఏం చూశారు, మిగతావాళ్లు చూడనిది? ఏం చేయాలని నిర్ణయించుకున్నారు, ఎందుకు? దాంతో ఏం మారింది, మారిందని ఎలా తెలిసింది? రెజ్యూమెలో మొదటిదానికీ చివరిదానికీ జవాబు ఉంటుంది. మధ్యలోవి రెండూ లెటర్‌లోనే ఉండాలి.

ఆమె జవాబులు ఇలా వచ్చాయనుకుందాం. సరుకు వాపసు వచ్చినప్పుడు రిటర్న్ ఎంట్రీ వేసినా స్టాక్ పెరగడం లేదని వారానికి దాదాపు 70 టికెట్లు వచ్చేవి. దానిమీద ఆర్టికల్ ఉంది, చాలామంది చదివే వస్తున్నారు. ఆమె ఒక 50 టికెట్లు వరసగా చదివారు. అందరూ ఒకేచోట ఆగిపోతున్నారు: రిటర్న్ వేసేటప్పుడు పాత బిల్లుని ఎంచుకోవడం లేదు. ఆ మాట ఆర్టికల్‌లో ఏడో మెట్టులో ఉంది. మొదటి ఆరు మెట్లూ సెట్టింగ్స్ గురించి, అవి ఒక్కసారి చేస్తే చాలు. ఆమె సెట్టింగ్స్‌ని వేరే ఆర్టికల్‌గా విడదీసి, పాత బిల్లు ఎంచుకోవడాన్ని మొదటి మెట్టు చేశారు. రెండు నెలల్లో ఆ ట్యాగ్‌తో వచ్చే టికెట్లు వారానికి 25 దగ్గరికి వచ్చాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. అదే సమయంలో సాఫ్ట్‌వేర్‌లో ఆ స్క్రీన్ కూడా మారి ఉంటే, తగ్గుదల అంతా ఆర్టికల్ వల్లే అని రాయకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న అదే వస్తుంది. "స్క్రీన్‌లో చేసిన మార్పు కూడా తోడ్పడింది" అని ఒక చిన్న మాట కలిపితే మీ మిగతా అంకెల మీద నమ్మకం పెరుగుతుంది. కచ్చితమైన అంకె మీ దగ్గర లేకపోతే ఊహించి వేయకండి. ఏం మారిందో మాటల్లో చెప్పండి: "ఆ తర్వాత ఆ ప్రశ్న మా వారపు మీటింగ్‌లో రాలేదు" అన్నది కూడా రుజువే. కంపెనీ బయటపెట్టని లెక్కలు, కస్టమర్ల పేర్లు అసలు వాడొద్దు.

పేజీ కట్టడం

ఇప్పుడు పాత లెటర్ చూడకుండా కొత్తది రాయండి. పాతది తెరిచి ఉంటే అందులోని వాక్యాలు మళ్లీ చేతిలోకి వచ్చేస్తాయి. మొదటి పేరాలో విషయం, రెండో పేరాలో ఉదంతం, మూడో పేరాలో అది వాళ్ల పనికి ఎలా ఉపయోగపడుతుందో, చివర రెండు లైన్లు. ఉదంతం ఉన్న పేరా పెద్దదిగా, మిగతావి చిన్నవిగా ఉండటం సహజం. ఆమె లెటర్ ఇలా తయారవుతుంది:

> హైరింగ్ మేనేజర్ గారికి,
>
> కొత్త కస్టమర్లు మొదటి నెల జీతాలు ఎవరి సాయం లేకుండా లెక్కవేసుకోగలగాలని మీ ప్రకటనలో రాశారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సపోర్ట్‌లో నేను చేస్తున్నది అలాంటి పనే: ఆర్టికల్ ఉన్నా కస్టమర్లు మా దగ్గరికి ఎందుకు వస్తున్నారో టికెట్లు చదివి కనుక్కుని, ఆ ఆర్టికల్‌ని సరిచేస్తాను.
>
> కిందటి సంవత్సరం, రిటర్న్ ఎంట్రీ వేసినా స్టాక్ పెరగడం లేదని మాకు వారానికి దాదాపు 70 టికెట్లు వచ్చేవి. చాలామంది ఆర్టికల్ చదివాకే రాస్తున్నారు. వాటిలో 50 టికెట్లు వరసగా చదివితే, అందరూ పాత బిల్లు ఎంచుకోకుండా వదిలేస్తున్నారని తెలిసింది. ఆ మాట మా ఆర్టికల్‌లో ఏడో మెట్టులో, ఒక్కసారి మాత్రమే చేయాల్సిన సెట్టింగ్స్ తర్వాత ఉంది. సెట్టింగ్స్‌ని వేరే ఆర్టికల్‌గా విడదీసి, పాత బిల్లు ఎంచుకోవడాన్ని మొదటి మెట్టుగా పెట్టాను. రెండు నెలల్లో ఆ టికెట్లు వారానికి 25 దగ్గరికి తగ్గాయి. అప్పటినుంచి ఏ ఆర్టికల్ ముట్టుకున్నా ముందు దాని టికెట్లే చదువుతున్నాను.
>
> జీతాల లెక్కల్లో పొరపాటు జరిగితే అది ఒక ఉద్యోగి జీతం మీద పడుతుంది కాబట్టి, కస్టమర్ ఎక్కడ ఆగుతున్నారో ముందే తెలుసుకోవడం ఇంకా ముఖ్యమని అనుకుంటున్నాను. మీ టీమ్‌లో చేరితే, మొదటి నెల కస్టమర్లు పంపిన టికెట్లు చదవడంతో పని మొదలుపెట్టాలని ఉంది.
>
> పైన చెప్పిన ఆర్టికల్ పాత, కొత్త రూపాలు రెండూ అందరికీ తెరిచి ఉన్నవే, రెజ్యూమెలో లింకులు ఇచ్చాను. వీలున్నప్పుడు మాట్లాడగలిగితే సంతోషిస్తాను.

ఒకసారి ఏం పోయిందో చూడండి. డిగ్రీ, అవార్డులు, రోజుకు 40 టికెట్లు, కోర్సులు, 60 ఆర్టికల్స్ అన్నీ పోయాయి. అవి మాయం కాలేదు, రెజ్యూమెలో ఉన్నాయి. ఇక్కడే చాలామందికి చెయ్యి ఆడదు, అవార్డు తీసేయాలంటే మరీ కష్టం. నా అభిప్రాయం ఏమిటంటే, అవార్డు మీ విషయానికి రుజువు అయితే ఉంచండి, లేకపోతే వద్దు. ఉత్తమ ఉద్యోగి అవార్డు ఎందుకు ఇచ్చారో చదివేవాళ్లకి తెలియదు. టికెట్లు 70 నుంచి 25కి ఎందుకు తగ్గాయో తెలుస్తుంది.

రెజ్యూమె చూస్తే అనుమానం వచ్చే విషయం ఏదైనా ఉంటే, మధ్యలో ఒక ఏడాది ఖాళీ ఉండటమో, పూర్తిగా రంగం మారడమో, దానికి లెటర్‌లో ఒకటి రెండు వాక్యాలు ఇవ్వండి. కారణం, ఇప్పటి పరిస్థితి, అంతే. క్షమాపణ అక్కర్లేదు. అలాగే ప్రకటనలో ఏదైనా సూటిగా అడిగితే, ఎప్పుడు చేరగలరు, జీతం ఎంత ఆశిస్తున్నారు లాంటివి, దానికి జవాబు తప్పనిసరిగా ఉండాలి, అది మీ విషయానికి సంబంధం లేకపోయినా. కొన్ని సంస్థలు అర్హతల జాబితా ఇచ్చి ఒక్కోదానికీ విడిగా జవాబు రాయమంటాయి. అక్కడ ఈ ఒక పేజీ పద్ధతి పనికిరాదు, వాళ్లు చెప్పినట్టే రాయాలి.

వాక్యాలు బిగించడం

పేజీ దాటితే అక్షరాల సైజు, మార్జిన్లు తగ్గించి ఇరికించకండి. 11 పాయింట్ల అక్షరం, చుట్టూ ఒక అంగుళం మార్జిన్ ఉంచి, మాటలే తగ్గించండి. ఇంగ్లీషులో రాస్తే 250 నుంచి 350 పదాలు హాయిగా పడతాయి. తెలుగులో పదాలు పొడవు కాబట్టి అంతకంటే తక్కువలోనే పేజీ నిండుతుంది.

మొదటి కోత ఎప్పుడూ మొదటి వాక్యానికే. "ప్రకటన చూసి ఈ దరఖాస్తు పంపుతున్నాను" అన్నది ఈమెయిల్ సబ్జెక్ట్ లైన్‌లోనే ఉంటుంది, ఉద్యోగం పేరుతో సహా. ఆ తర్వాత మీ గుణాల గురించిన వాక్యాలు చూడండి. "నాకు విశ్లేషణ సామర్థ్యం ఉంది" అని ఉంటే, దాని పక్కనే ఆ పని చూపించే వాక్యం ఉందా? ఉంటే మొదటిది కొట్టేయండి, లేకపోతే రెండోది రాసి మొదటిది కొట్టేయండి. "టికెట్లను విశ్లేషించడం జరిగింది" లాంటి చోట ఎవరు చేశారో తెలియదు. "50 టికెట్లు చదివాను" అంటే తెలుస్తుంది, పొట్టిగానూ ఉంటుంది. టీమ్ చేసిన పని అయితే అందులో మీ వాటా ఏదో విడిగా చెప్పండి, అంతా "మేము" అంటే మీరు ఎక్కడున్నారో తెలియదు.

మూడో పేరా మీద ఒక కన్ను వేసి ఉంచండి. పొగడ్త ఎక్కువగా అక్కడే చేరుతుంది: "మీలాంటి ప్రతిష్ఠాత్మక సంస్థలో..." అంటూ. దాని బదులు వాళ్ల పనిలో మీరు నిజంగా గమనించిన ఒక్క సంగతి, దానికి మీరు ఏం చేయగలరో. అంత గమనించింది ఏమీ లేకపోతే వాళ్ల వెబ్‌సైట్ మీద, వాళ్ల ఉత్పత్తి మీద ఒక అరగంట గడిపి రండి.

పంపేముందు

కంపెనీ పేరు, ప్రకటన నుంచి తీసుకున్న మాటలు మార్చి, అదే లెటర్ ఇంకో కంపెనీకి పంపగలరేమో చూడండి. రెండో పేరా చాలావరకు అలాగే ఉంటే పర్వాలేదు, ఉదంతం మీదే కదా. కానీ మొదటి, మూడో పేరాలు కూడా అతికిపోతే ఇంకా ఎవరి కోసమూ రాయనట్టే.

తర్వాత, మీ పని గురించి తెలియని ఒకరికి లెటర్ ఇచ్చి, అర నిమిషం తర్వాత వెనక్కి తీసుకుని "నేను ఏం చెబుతున్నాను?" అని అడగండి. "బాగుంది, నీకు మంచి అనుభవం ఉంది" అన్నారంటే విషయం చేరలేదు. "ఆర్టికల్ ఎందుకు పనిచేయట్లేదో కనిపెట్టి బాగుచేస్తావు" అన్నారంటే చేరింది. చేరకపోతే వాక్యాలు సర్దకండి, ఒక్క వాక్యం రాసుకున్న కాగితం దగ్గరికి తిరిగి వెళ్లండి. లోపం చాలావరకు అక్కడే ఉంటుంది.

పంపే పద్ధతి కూడా చూసుకోండి. ఈమెయిల్‌లో పంపుతుంటే లెటర్‌ని ఈమెయిల్ లోపలే పెట్టవచ్చు, లేదా పీడీఎఫ్‌గా జతచేసి పైన రెండు లైన్లు రాయవచ్చు. రెండు చోట్లా అదే లెటర్ వద్దు. వెబ్‌సైట్‌లో పెట్టెలో అతికించాల్సి వస్తే బోల్డ్, బుల్లెట్లు పోవచ్చు, పేరాల మధ్య ఖాళీలు కూడా పోవచ్చు. అతికించాక ఒకసారి చదివి ఆ ఖాళీలు సరిచేయండి. ఇంకో కంపెనీకి రాసిన లెటర్‌ని మార్చి వాడుకుంటుంటే, పాత కంపెనీ పేరు ఫైల్ పేరుతో సహా ఎక్కడా మిగల్లేదని వెతికి చూసుకున్నాకే పంపండి.